ఒకే టెంప్లేట్ అందరూ వాడుతున్నారు, మన రీల్ మనదిలా కనపడాలంటే ఏం చేయాలి? పూతరేకుల రీల్, 20 సెకన్లు

పూతరేకు_పిల్ల
అందరికీ నమస్తే. మాది ఆత్రేయపురం పక్కన చిన్న ఊరు. మా అత్తయ్య పూతరేకులు చేస్తారు, నేను ఫోన్‌లో ఆర్డర్లు చూసుకుంటూ రీల్స్ పెడుతుంటాను. ఎడిటింగ్ అంతా ఫోన్ ఆప్‌లోనే, కంప్యూటర్ లేదు, ఒక రీల్ మీద అరగంట కంటే ఎక్కువ కూర్చోలేను ఎందుకంటే ప్యాకింగ్ కూడా నేనే చేయాలి.

నిన్న ఏం జరిగిందంటే, పొద్దున్నే 14 క్లిప్పులు తీశాను, బియ్యం, పిండి, కొబ్బరాకుల మంట, కుండ, రేకు లేవడం, నెయ్యి రాయడం అన్నీ ఉన్నాయి. ఆప్‌లో బాగా నడుస్తున్న ఒక టెంప్లేట్ తీసుకుని క్లిప్పులు పెట్టేశాను, బీట్‌కి తగ్గట్టు అదే కట్ చేసింది, ఆటో క్యాప్షన్లు కూడా ఆన్ చేశాను. పది నిమిషాల్లో అయిపోయింది. చూస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంది. అదే ఫ్లాష్, అదే ఊపు, అదే పాటలో అదే చోట జూమ్. సాయంత్రం నా ఫీడ్‌లోనే ఒక జిమ్ వాళ్ళ రీల్, ఒక నగల కొట్టు రీల్ అచ్చం అలాగే వచ్చాయి. పైగా అత్తయ్య రేకు తీసే షాట్ అర సెకను కూడా కనపడలేదు, మా ఇంట్లో అందరూ ఆగి చూసేది ఆ ఒక్క క్షణమే.

టెంప్లేట్ మానేస్తే నాకు అంత టైమ్ లేదు. వాడితే ఇలా అవుతోంది. మధ్యలో దారేమైనా ఉందా?

రీల్ రాజా
సిస్టర్ సింపుల్. టెంప్లేట్ వద్దు, పాట వేసి ఆటో బీట్ నొక్కండి, చుక్కలు వస్తాయి కదా, ప్రతి చుక్క దగ్గరా ఒక కట్ కొట్టండి. మొదటి క్లిప్ సరిగ్గా కట్ చేసి మిగతా అన్నిటికీ అదే లెంత్ పెట్టేస్తే రెండు నిమిషాల పని. కట్స్ ఎక్కువుంటే జనం స్క్రోల్ చేయరు, నేను అన్నీ అలాగే చేస్తా.

ఫ్లాష్ బాబాయ్
పూతరేకులకి టెంప్లేట్ ఎందుకమ్మా, మా దగ్గర పెళ్ళి ఫోటోలకి స్లైడ్‌షో టెంప్లేట్లు బోలెడున్నాయి, 40 ఫోటోల దాకా పడతాయి, కావాలంటే ఎలా దించుకోవాలో చెప్తాను. ఫోటోలు మాత్రం నిలువుగా ఉండాలి.

పూతరేకు_పిల్ల
బాబాయ్ గారూ థ్యాంక్స్ అండీ, నావి ఫోటోలు కాదు వీడియోలు. టెంప్లేట్ దొరక్క కాదు నా బాధ, దొరికినవన్నీ ఒకేలా ఉండడం.

టైమ్‌లైన్ మాస్టారు
అమ్మాయ్, నేను లోకల్ ఛానెల్లో చాలా ఏళ్ళు ఎడిటింగ్ చేసినవాణ్ణి, ఇప్పుడు ఫోన్‌లోనే చేస్తున్నా. నీ సమస్య టెంప్లేట్ వల్ల కాదు, టెంప్లేట్‌ని ఉన్నదున్నట్టు ఎక్స్‌పోర్ట్ చేయడం వల్ల వచ్చింది.

టెంప్లేట్‌లో మూడు రకాల సరుకు ఉంటుంది. ఏ క్లిప్ ఎంతసేపు అనే కొలతలు, పాట, పైన చల్లిన ఎఫెక్ట్స్. జనం గుర్తుపట్టేది ఆ ఎఫెక్ట్సే, ఫ్లాష్ ఎక్కడ పడుతుందో చూసేవాళ్ళకి ముందే తెలిసిపోయి ఉంటుంది. కొలతలు ఎవరూ గుర్తుపట్టరు. అందుకని టెంప్లేట్‌లో క్లిప్పులు పెట్టాక వెంటనే సేవ్ చేయకుండా దాన్ని ప్రాజెక్టుగా తెరువు, చాలా ఆప్స్‌లో ఎడిట్ అనే బటన్ ఉంటుంది. అక్కడ ట్రాన్సిషన్లు, షేక్, ఫ్లాష్, ఫిల్టర్ అన్నీ పీకెయ్. కొన్ని టెంప్లేట్లు తాళం వేసి ఉంటాయి, క్లిప్ మార్చుకోవడం తప్ప ఏమీ చేయనివ్వవు, అవి నీకు పనికిరావు, ముట్టుకోకు.

రెండోది, క్లిప్పుల సౌండ్. టెంప్లేట్లు చాలావరకు నీ క్లిప్ సౌండ్‌ని సున్నా చేసేస్తాయి. గుడ్డ కుండ మీద పడగానే చుయ్‌మంటుంది కదా, ఆ సౌండ్ నీ క్లిప్‌లో ఉందా? ఉంటే నీ రీల్‌ని జిమ్ రీల్ నుంచి వేరు చేసేది అదే. వాల్యూమ్ పైకి తీసి విను.

నీ క్లిప్పుల్లో రేకు తీసే షాట్ ఎంత పొడవుంది, మంట దగ్గర అత్తయ్య ఏమైనా మాట్లాడారా, పాట బీపీఎం ఎంత, ఈ మూడూ చెప్పు, కొలత వేసి ఇస్తా.

రాజా, నీ పద్ధతి మీద తర్వాత మాట్లాడతా, అందులో సగం కరెక్టే.

దప్పు దరువు
నాక్కూడ ఇదే లొల్లి ఉంది అన్నా. మేం తీన్మార్ బ్యాచ్, బోనాలకు, గణేష్ నిమజ్జనానికి కొడ్తం. మా దప్పు రికార్డింగ్ మీద ఆటో బీట్ పెడ్తే చుక్కలు యాడపడ్తే ఆడ పడుతున్నయి. ఒకసారి డబుల్, ఒకసారి అసలే ఉండవు. సిన్మా పాట పెడ్తే మంచిగనే వస్తయి. మా దరువు తప్పా, ఆప్ తప్పా?

టైమ్‌లైన్ మాస్టారు
దరువు తమ్ముడూ, మీ దరువులో తప్పేం లేదు. ఆప్ సౌండ్ ఒక్కసారిగా పెరిగే చోట్లు వెతుక్కుని, వాటి మధ్య దూరం సమానంగా ఉందా అని చూస్తుంది. స్టూడియో పాటలో కిక్ డ్రమ్ మీటర్ వేసినట్టు పడుతుంది కాబట్టి పట్టేసుకుంటుంది. మీది నలుగురైదుగురు కలిసి కొట్టేది, స్పీడు మెల్లగా పెరుగుతూ పోతుంది, పుల్లల దెబ్బలు మధ్యలో చిటపటమని నిండుగా ఉంటాయి, పైగా మూడు మూడుగా నడిచే లెక్క. ఏ దెబ్బ పెద్దదో దానికి అర్థం కాదు. మీరు ఆటో వదిలేసి పాట ప్లే చేస్తూ చేత్తో మార్కర్లు కొట్టండి, ప్రతి దెబ్బకీ కాదు, కాలు కింద పడే దెబ్బకి మాత్రమే.

ఒక్క జాగ్రత్త. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని మార్కర్లు కొట్టొద్దు. సౌండ్ చెవికి ఆలస్యంగా వస్తుంది, మీరు సరిగ్గా కొట్టాననుకుంటారు, మార్కర్లన్నీ వెనక పడతాయి. వైర్ ఇయర్‌ఫోన్ గానీ ఫోన్ స్పీకర్ గానీ వాడండి.

దప్పు దరువు
అన్నా గదే! బడ్స్ పెట్టుకొనే కొడ్తున్న నేను. పొద్దుగాల నుంచి మూడు మాట్ల మళ్ల మళ్ల చేసిన. ఇప్పుడు స్పీకర్ల చూస్త.

పూతరేకు_పిల్ల
మాస్టారూ వివరాలు ఇవిగో.

రేకు తీసే షాట్ మొత్తం 7 సెకన్లు ఉంది. గుడ్డ పిండిలో ముంచడం, కుండ మీద లాగడం, రేకు అంచు లేవడం, చేత్తో తీసి పక్కన పెట్టడం. చుయ్ సౌండ్ ఉంది, విన్నాను, కోడి కూత కూడా వస్తోంది వెనకాల, అది బాగానే ఉంది.

అత్తయ్య ఒక మాట అన్నారు. "పొయ్యి మంట ఎక్కువైతే రేకు మాడిపోద్ది, తక్కువైతే కుండని వదలదు." అది సుమారు నాలుగున్నర సెకన్లు. దానికి ఆటో క్యాప్షన్ ఏం రాసిందంటే "పోయి మంట ఎక్కువైతే రేపు మాడిపోతుంది తక్కువైతే గుండెని వదలదు". నేను చూసుకోకుండా పెట్టేశాను, కింద కామెంట్లలో ఎవరో గుండె బొమ్మలు పెడితే అప్పుడు తెలిసింది.

పాట మామూలు వాయిద్యం ట్రాక్, పదాలు లేవు, ఆప్‌లో 100 బీపీఎం అని చూపించింది.

టైమ్‌లైన్ మాస్టారు
100 అయితే లెక్క హాయిగా ఉంటుంది. నిమిషానికి 100 దెబ్బలు, అంటే దెబ్బకి 0.6 సెకను. నువ్వు సెకనుకి 30 ఫ్రేముల్లో తీసుంటే సరిగ్గా 18 ఫ్రేములు. నాలుగు దెబ్బలు ఒక ఆవర్తం అనుకో, 2.4 సెకన్లు. ఎనిమిది ఆవర్తాలు వేస్తే 19.2 సెకన్లు, నీకు కావాల్సిన ఇరవై వచ్చేసినట్టే. ఇక వీటిని ఎలా పంచాలో చూడు.

మొదటి 2.4 సెకన్లు పాట లేదు. కుండ మీద గుడ్డ, చుయ్ సౌండ్, రేకు అంచు లేస్తోంది, అంతే. రేకు మొత్తంగా కుండని వదిలిన ఫ్రేము దగ్గర పాట మొదటి దెబ్బ పడాలి. అందరూ పాటతో మొదలుపెడతారు, నీది వంటింటి సౌండ్‌తో మొదలవుతుంది కాబట్టి వేలు అక్కడే ఆగే అవకాశం ఉంది.

తర్వాత రెండు ఆవర్తాలు, నాలుగు షాట్లు, ఒక్కోటి రెండు దెబ్బలు అంటే 1.2 సెకన్లు. బియ్యం, పిండి, ఆకుల మంట, కుండ. 1.2 అంటే చూసినవాడికి ఏమిటో అర్థమయ్యేంత టైమ్. టెంప్లేట్ నీకిచ్చిన అర సెకనులో బియ్యమా పంచదారా అని కూడా తెలియదు.

ఆ తర్వాత రెండు ఆవర్తాలు, అంటే 4.8 సెకన్లు, అత్తయ్య మాట. ఒకే షాట్, కట్ లేదు, పాట వాల్యూమ్ బాగా తగ్గించు. ఆవిడ మాట నాలుగున్నర కాబట్టి సరిపోతుంది.

ఇప్పుడు ఒక ఆవర్తం వేగంగా, దెబ్బకో కట్. నెయ్యి, పంచదార పొడి, మడత, చుట్టడం. ఇక్కడ రాజా చెప్పింది కరెక్ట్, వేగం కావాలి, కానీ ఒక్కచోటే, ముందు వెనక నిదానంగా ఉంటేనే అది వేగంలా అనిపిస్తుంది. మొత్తం వేగమే అయితే కంటికి ఒకటే గోల.

చివరి రెండు ఆవర్తాలు 4.8 సెకన్లు, పూతరేకు విరిచే షాట్, ఆ కరకర సౌండ్‌తో. ఆర్డర్ ఎలా చేయాలో ఒక్క లైను అక్కడ.

మొత్తం 11 షాట్లు. నీ 14లో మూడు పక్కన పెట్టు.

రీల్ రాజా
మాస్టారూ ఓకే గానీ బీట్ మీద కట్ చేయడమే కదా మీరు చెప్పేది కూడా, దెబ్బలు లెక్కపెట్టి చేస్తున్నారు అంతే తేడా.

టైమ్‌లైన్ మాస్టారు
తేడా ఉంది రాజా. నువ్వు కట్‌ని దెబ్బ మీద పెడుతున్నావు, నేను పనిని దెబ్బ మీద పెట్టమంటున్నాను. నెయ్యి గరిటె రేకుని తాకిన క్షణం, మడత మూసుకున్న క్షణం, చెయ్యి ఆగిన క్షణం, ఇవి దెబ్బ మీద పడాలి. కట్ దానికి కాస్త ముందే అయిపోతుంది. అప్పుడు చూసేవాళ్ళకి పాట ఆవిడ చేతి కోసమే వాయించినట్టు ఉంటుంది. ఆటో బీట్ సింక్‌కి క్లిప్ లోపల ఏం జరుగుతోందో సరిగ్గా తెలియదు, అది క్లిప్ అంచుని దెబ్బ దగ్గరికి లాగి ఊరుకుంటుంది, చెయ్యి మాత్రం గాల్లో ఉంటుంది.

అందుకని ఆటో సింక్ చేసిన తర్వాత ఒక్కో క్లిప్ పట్టుకుని, దాని పొడవు మార్చకుండా లోపలి వీడియోని ముందుకీ వెనక్కీ జరపాలి. క్లిప్‌ని రీప్లేస్ చేసేటప్పుడు ఏ భాగం కావాలో జరుపుకోమని అడుగుతుంది చూడు, అదే. 11 షాట్లకి ఐదారు నిమిషాలు పడుతుంది. నీ అరగంటలో ఎక్కువ భాగం దీనికి పెట్టు అమ్మాయ్, మిగతావి తగ్గించుకో.

ఇంక అన్ని క్లిప్పులకీ ఒకే లెంత్ అన్నావు కదా. 100 బీపీఎంకి నడుస్తుంది. అదే పాట 96 అయితే దెబ్బకి 18.75 ఫ్రేములు వస్తుంది, ముప్పావు ఫ్రేము ఉండదు కాబట్టి నువ్వు 18 పెడతావు. పదహారు కట్లు అయ్యేసరికి 12 ఫ్రేములు, అంటే 0.4 సెకను ముందుకొచ్చేస్తావు. మొదట్లో బాగుండి చివర్లో తప్పుతోంది అని చాలామంది అంటుంటారే, కారణం ఇదే. లెంత్ కాపీ చేయకూడదు, ప్రతి కట్‌నీ మార్కర్‌కే అతికించాలి.

రీల్ రాజా
చివర్లో తప్పడం నాకు ప్రతిసారీ అవుతుంది, నేను ఎక్స్‌పోర్ట్ ప్రాబ్లం అనుకున్నా ఇన్నాళ్ళూ. కానీ కట్స్ ఎక్కువుంటే నా రీల్స్‌కి వ్యూస్ వస్తున్నాయి మాస్టారూ, అది మాత్రం నేను ఒప్పుకోను.

వత్తులు_గుణింతాలు
క్యాప్షన్ల సంగతి నేను చెప్తాను, ఇరవై ఏళ్ళు డీటీపీ చేశాను కాబట్టి తెలుగు అక్షరాలు స్క్రీన్ మీద పాడవుతుంటే చూడలేను.

చెల్లీ, ముందు ఒక పని. క్యాప్షన్లు జనరేట్ చేసేటప్పుడు పాటని మ్యూట్ చేయి, భాష తెలుగు అని నువ్వే పెట్టు, ఆటోకి వదిలేయకు. అత్తయ్య మాట ఉన్న క్లిప్ ఒక్కదానికే చేయించు. కొబ్బరాకుల చిటపట, పాట, మాట మూడూ కలిసి వింటే కుండ గుండె కాక ఏమవుతుంది. అయినా తప్పులు వస్తాయి, ఎందుకంటే పొయ్యి, రేకు లాంటి మాటలు దానికి ఎక్కువ వినపడి ఉండవు, పోయి, రేపు రోజూ వినపడతాయి. కాబట్టి ఆ ఒక్క వాక్యం నువ్వు చేత్తో దిద్దాల్సిందే. టెక్స్ట్ మొత్తం దిద్దిన తర్వాతే స్టైల్ పెట్టు, ముందే పెడితే లైన్ విడగొట్టినప్పుడల్లా కొన్ని ఆప్స్‌లో స్టైల్ పోతుంది.

"మాడిపోద్ది"ని అది "మాడిపోతుంది" చేసింది చూశావా, దాన్ని కచ్చితంగా వెనక్కి మార్చు. చెవికి గోదావరి మాట వినపడుతుంటే కంటికి పుస్తకం మాట కనపడితే ఆవిడ మాట ఆవిడది కాకుండా పోతుంది.

తర్వాత లైన్లు. ఆప్ మూడేసి మాటల చొప్పున కోస్తుంది, "పొయ్యి మంట ఎక్కువైతే" వరకు బాగానే వచ్చి, తర్వాత "రేకు మాడిపోద్ది తక్కువైతే" అని ఒక ముక్క చేస్తుంది. చదివేవాడికి రేకు మాడడం తక్కువైందేమో అనిపిస్తుంది. నువ్వు నాలుగు ముక్కలు చేయి.

పొయ్యి మంట ఎక్కువైతే
రేకు మాడిపోద్ది
తక్కువైతే
కుండని వదలదు

చివరి రెండూ చిన్నవే కానీ ఆవిడ అక్కడ ఆగి చెప్పి ఉంటారు, ఆ ఆగడం కూడా కనపడాలి.

ఇంకోటి, ఒక్కో మాటా ఎగిరి పసుపు రంగులోకి మారే స్టైల్ ఉంటుంది కదా, అది వద్దు. ఇంగ్లీషు మాటలు పొట్టివి, అందుకే దానికి కుదిరింది. మనవి "పంపించగలుగుతున్నాము" లాంటి రైలుబండ్లు, ఒక్క మాటకే స్క్రీన్ నిండిపోయి చివరి అక్షరం బయటికి పోతుంది. ఒక్కో అక్షరం టైప్ అయినట్టు వచ్చే యానిమేషన్ ఇంకా ఘోరం, అక్షరం ముందొచ్చి వత్తు తర్వాతొస్తుంది, మధ్యలో పొల్లు కనపడి మాయమవుతుంది. లైన్ మొత్తం ఒకేసారి మెల్లగా రావడం చాలు.

పూతరేకు_పిల్ల
అక్కా ఎంత వివరంగా చెప్పారు, సేవ్ చేసుకున్నాను. ఫాంట్ గురించి కూడా చెప్పండి. ఆప్‌లో అరవై ఫాంట్లు ఉన్నాయి, ఏది నొక్కినా తెలుగు మాత్రం ఒకేలా వస్తోంది.

వత్తులు_గుణింతాలు
ఎందుకంటే ఆ అరవైలో తెలుగు అక్షరాలు ఉన్నవి దాదాపు లేవు. లేనప్పుడు ఫోన్‌లో ఉన్న మామూలు తెలుగు ఫాంటే చూపిస్తుంది. అందుకే తెలుగు రీల్స్ అన్నిట్లో అదే సన్నటి అక్షరం. నువ్వు గూగుల్ ఫాంట్స్‌కి వెళ్ళి రామభద్ర, మండలి, సురన్న, ఎన్టీఆర్ ఇవి దించుకో, ఉచితం, .ttf ఫైల్ వస్తుంది. ఫాంట్ ఇంపోర్ట్ ఇచ్చే ఆప్ అయితే టెక్స్ట్ ఫాంట్ల దగ్గర ప్లస్ గుర్తు ఉంటుంది. మొదటి టైటిల్‌కి రామభద్ర లావుగా బాగుంటుంది, క్యాప్షన్‌కి మండలి. రెండు చాలు, ప్రతి రీల్‌కీ అవే రెండు. పాత అను ఫాంట్లు ఎవరైనా ఇస్తే వద్దు, అవి యూనికోడ్ కావు, ఆప్‌లో పిచ్చి గుర్తులు వస్తాయి.

ఇంపోర్ట్ లేకపోతే టైటిల్‌ని వేరే ఆప్‌లో వెనక రంగు లేకుండా PNG చేసి పైన అతికించు. క్యాప్షన్లకి అలా చేయడం వల్ల కాదు, వాటికి మామూలు ఫాంటే ఉంచి సైజు తగ్గించు.

అక్షరం చుట్టూ లావు అంచు పెట్టకు. మన అక్షరాల్లో లోపలి గుండ్రాలు చిన్నవి, అంచు లావైతే పూడిపోతాయి, దూరం నుంచి మ ఏదో య ఏదో తెలియదు. వెనక నల్ల పట్టీ పెడితే దాని ఎత్తు కాస్త పెంచు, లేకపోతే కింద వత్తులు సగానికి కోసుకుపోతాయి. ఒకసారి "రొట్టె" అని రాసి చూసుకో, వత్తు పూర్తిగా కనపడితే సరే.

కడప కారం
నేను ఊరగాయలు అమ్ముతాను, నాదీ ఇదే కథ కానీ నాకు ఇంకో దెబ్బ పడింది. ఆప్ టెంప్లేట్‌లో ఉన్న పాటతోనే ఎక్స్‌పోర్ట్ చేసి పెడితే రెండు రోజులకి నా వీడియో సౌండ్ తీసేసినారు. నాది బిజినెస్ అకౌంట్. సినిమా పాట వెతికినా దొరకదు, పక్క షాపాయన మామూలు అకౌంట్‌లో అదే పాట హాయిగా వాడుకుంటా ఉన్నాడు. ఎవరికైనా తెలిస్తే చెప్పండప్పా.

టైమ్‌లైన్ మాస్టారు
కారం గారూ, ఇన్‌స్టాగ్రామ్‌లో బిజినెస్ అకౌంట్లకి సినిమా పాటల లైబ్రరీ చాలావరకు ఇవ్వరు, వ్యాపారానికి వాడుకునే హక్కు ఆ ఒప్పందాల్లో ఉండదు కాబట్టి. మీకు మెటా సౌండ్ కలెక్షన్ ఉంటుంది, అందులో పాటలు వ్యాపారానికి వాడుకోవచ్చు. ఎడిటింగ్ ఆప్‌లో పాట ఉంది కదా అని ఇన్‌స్టాలో కూడా హక్కు ఉన్నట్టు కాదు, రెండూ వేరువేరు. ముందు పాట హక్కు చూసుకుని, ఆ తర్వాతే మార్కర్లు కొట్టండి. చివర్లో పాట మారిస్తే కట్టిన కొలతలన్నీ వృథా.

లేదంటే పాటే లేకుండా చేయండి. రోట్లో రోకలి దెబ్బ ఉంది కదా మీకు, అదే బీట్. నాలుగు దెబ్బలు శుభ్రంగా రికార్డు చేసి, కాపీ చేసి వరసగా పేర్చండి, దాని మీదే కట్లు. ఆ సౌండ్ మీద వేరే ఎవరి హక్కూ లేదు.

కడప కారం
రోలు ఉంది. రోకలి శబ్దం రేపే తీస్తా. ఇది నాకు తట్టనే లేదు.

దప్పు దరువు
స్పీకర్ల పెట్టి కొట్టిన అన్నా. ఇప్పుడు సగం దాంక మస్తు గూసుంటున్నయి, స్పీడు పెరిగినంక నేనే వెనక పడ్తున్న. దరువు కొట్టెటోన్ని నేనే, మార్కర్ కొట్టుడు వస్తలేదు.

టైమ్‌లైన్ మాస్టారు
స్పీడు పెరిగిన భాగాన్ని ఆప్‌లో సగం వేగానికి తగ్గించి మార్కర్లు కొట్టి చూడు. కానీ కొన్ని ఆప్స్‌లో వేగం తిరిగి పెంచితే మార్కర్లు క్లిప్‌తో పాటు జరగవు, అక్కడే ఉండిపోతాయి. నీ ఆప్‌లో ఏమవుతుందో ముందు ఒక చిన్న ముక్క మీద చూసుకో.

పూతరేకు_పిల్ల
మాస్టారూ, అక్కా, ఈరోజు మళ్ళీ చేశాను. మీరు చెప్పిన కొలతలే. మొదటిసారి కాబట్టి యాభై నిమిషాలు పట్టింది.

రేకు వదిలే ఫ్రేము దగ్గర పాట మొదలవ్వడం ఎంత బాగా వచ్చిందో చెప్పలేను, నేను నాలుగుసార్లు చూశాను. అత్తయ్య చూసి "నా చెయ్యి ఇంత నిదానంగా ఎప్పుడు తీశావే" అన్నారు, అసలు స్లో మోషన్ పెట్టనే లేదు, 2.4 సెకన్లు వదిలేశాను అంతే. నెయ్యి, పంచదార, మడత, చుట్టడం నాలుగూ లోపల జరిపి దెబ్బ మీద పెట్టాను. చుట్టడం మాత్రం కుదర్లేదు, 0.6 సెకన్లలో చెయ్యి సగమే తిరుగుతుంది.

క్యాప్షన్ కింద పెడితే మా పేజీ పేరు, రాత కిందకి పోయి కనపడలేదు, పైకి జరిపాను, ఇప్పుడు ఆవిడ చేతుల మీదకి వస్తోంది. ఎక్కడ పెట్టాలి?

వత్తులు_గుణింతాలు
కింద దాదాపు మూడో వంతు పేరుకీ రాతకీ పోతుందనుకో, కుడి పక్క బటన్లకి పోతుంది. క్యాప్షన్ మధ్య కంటే కాస్త కింద, ఎడమ వైపు సర్దు. చేతుల మీదకి వస్తోందంటే షాట్ తీసేటప్పుడే చేతులు కాస్త పైన ఉండేలా ఫోన్ వంచి తీయాలి. ఈసారికి ఆ ఒక్క క్లిప్‌ని కొంచెం జూమ్ చేసి పైకి లాగు.

ఇంకా ఒక మాట, "ఆర్డర్ కోసం మెసేజ్ చేయండి" అని తెలుగులోనే రాశావు కదా, అలాగే ఉంచు.

రీల్ రాజా
అక్కా దీనికి మాత్రం నేను ఒప్పుకోను. బయట ఊళ్ళలో పెరిగిన పిల్లలకి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. మా కజిన్స్ హైదరాబాద్‌లోనే ఉంటారు, తెలుగు క్యాప్షన్ చదవలేరు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తేనే చదువుతారు. స్వీట్లు ఆన్‌లైన్లో కొనేది వాళ్ళే.

వత్తులు_గుణింతాలు
మాట్లాడితే అర్థమవుతుంది కదా వాళ్ళకి, అత్తయ్య గొంతు వినపడుతూనే ఉంది. సౌండ్ ఆపి చూసే పెద్దవాళ్ళకి తెలుగు అక్షరాలే సుఖం. ఇంగ్లీషు అక్షరాల్లో "kunda", "gunde" రాస్తే ఆ మాట తెలియనివాళ్ళు ఎలా పలుకుతారో నాకైతే నమ్మకం లేదు.

పూతరేకు_పిల్ల
మాకు ఆర్డర్లు రెండు రకాల వాళ్ళ నుంచీ వస్తాయి. ఈ రీల్ తెలుగులో ఉంచుతున్నాను, వచ్చేవారం దానిలో ఆర్డర్ లైను ఒక్కటి రెండు లిపుల్లో పెట్టి చూస్తాను.

మాస్టారూ చివరి ప్రశ్న, వారానికి రెండు రీల్స్ పెట్టాలి, ప్రతిసారీ ఇదంతా మొదటి నుంచి చేయాలా?

టైమ్‌లైన్ మాస్టారు
వద్దు. ఈ ప్రాజెక్టునే కాపీ తీసుకో, ఇకమీదట నీ టెంప్లేట్ ఇదే. మార్కర్లు, కొలతలు, రెండు ఫాంట్లు, క్యాప్షన్ ఉండే చోటు అన్నీ అందులో ఉంటాయి. క్లిప్పులు రీప్లేస్ చేయి, పొడవు మారదు, ప్రతి దానిలో పని జరిగే క్షణాన్ని మార్కర్ దగ్గరికి జరుపు. పాట మారిస్తే మాత్రం బీపీఎం 100 ఉన్నదే తీసుకో, లేకపోతే మళ్ళీ మొదటి నుంచి. క్యాప్షన్ల ట్రాక్ ఖాళీ చేయడం మర్చిపోకు, పాత వాక్యం కొత్త వీడియో మీద వచ్చేస్తుంది.

చుట్టే షాట్ కుదర్లేదన్నావు. మడత షాట్ తీసేసి, చుట్టడానికి రెండు దెబ్బలు ఇవ్వు, 1.2 సెకన్లలో చెయ్యి పూర్తిగా తిరుగుతుంది. నెయ్యి ఒకటి, పంచదార ఒకటి, చుట్టడం రెండు, ఆవర్తం అక్కడికి సరిపోతుంది.

పూతరేకు_పిల్ల
చేశాను మాస్టారూ, చెయ్యి తిరిగి ఆగడం సరిగ్గా నాలుగో దెబ్బ మీద పడింది. ఇప్పుడే పెడుతున్నాను.